పెళ్లి ఫోటోలు: ఫోన్‌లో ఎంతవరకు, లాప్‌టాప్‌లో ఎక్కడి నుంచి



ఫోటో ఎడిటింగ్‌కు ఫోన్ చాలుతుందా లేదా అన్నది చేయబోయే పనిని బట్టి ఉంటుంది. ఒక్క ఫోటోను సరిచేసి బంధువుల ఫోన్లకు పంపడమే పనైతే స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ మొబైల్ వంటి యాప్‌లు సరిపోతాయి. ఒరిగిన ఫోటోను తిన్నగా చేయడం, అంచులు కత్తిరించడం, ముఖం మీద వెలుగు పెంచడం, వెనక గోడ మీది మచ్చ తీసేయడం వంటి వాటికి లాప్‌టాప్ తెరిస్తే సమయం వృథా. ఫోన్‌లో చూసే ఫోటోను ఫోన్‌లోనే దిద్దితే ఒక లాభం కూడా ఉంది: దిద్దినవారు చూసినట్టే దాదాపుగా చూసేవారికీ కనిపిస్తుంది.

లాప్‌టాప్ అవసరం ఎక్కడ మొదలవుతుందో పెళ్లి ఆల్బమ్ పనిలో స్పష్టంగా తెలుస్తుంది. ఫంక్షన్ హాల్లో జరిగిన ఒక పెళ్లిని 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీశారనుకుంటే, 800 రా ఫైళ్లు, ఒక్కొక్కటి 25 ఎంబీ చొప్పున సుమారు 20 జీబీ అవుతాయి. అందులోంచి 12×36 అంగుళాల ఆల్బమ్ తయారుకావాలి.

మొదటి చిక్కు రంగులు ఒకేలా కుదర్చడం దగ్గర వస్తుంది. ఒకే పెళ్లిలో వెలుగు నాలుగైదు రకాలుగా ఉంటుంది. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు కిటికీ వెలుగు, మండపంలో పసుపుపచ్చని దీపాలు, వీడియో వాళ్ల తెల్ల లైటు, రిసెప్షన్ వేదిక మీద ఊదారంగు ఎల్ఈడీలు. ఏ ఫోటోకా ఫోటో ఫోన్‌లో బాగానే కుదురుతుంది. ఆల్బమ్‌లో ఎదురెదురుగా వచ్చేసరికి మాత్రం ఒకే చీర ఒక పేజీలో మెరూన్‌గా, పక్క పేజీలో నారింజగా కనిపిస్తుంది. ఒక ఫోటో మార్పులను మరోదానికి అంటించే సౌకర్యం మొబైల్ లైట్‌రూమ్‌లోనూ ఉంది. అయితే అరచేతి తెర మీద పది ఫోటోలను పక్కపక్కన పెట్టి రంగు తేడా పట్టుకోవడం కంటికి సాధ్యం కాదు.

లాప్‌టాప్‌లో ఈ పనికి ఒక వరస ఉంది. ముందుగా మసకబారినవి, కళ్లు మూసుకున్నవి, ఒకేలా ఉన్నవి ఏరేస్తే 800 కాస్తా 200కు దిగుతాయి. మిగిలినవాటిని వెలుగును బట్టి గుంపులు చేసి, ప్రతి గుంపులో ఒక్క ఫోటోను శ్రద్ధగా దిద్దాలి. వైట్ బ్యాలెన్స్‌కు మధుపర్కాల తెలుపు మంచి ఆధారం. పసుపు అద్దిన అంచు మీద మాత్రం నొక్కకూడదు. సాఫ్ట్‌వేర్ ఆ పసుపునే తెలుపు అనుకుని ఫోటో మొత్తానికి నీలి ఛాయ తెస్తుంది. చర్మం పాలిపోయినట్టు కనిపిస్తే జరిగింది అదే. దిద్దిన ఫోటో సెట్టింగులను గుంపులోని మిగతావాటికి అంటించాలి. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో ఇందుకు Ctrl+Shift+C నొక్కి కావలసిన మార్పులను ఎంచుకుని, మిగతా ఫోటోల మీద Ctrl+V నొక్కితే చాలు. కత్తిరింపులనూ మాస్కులనూ మాత్రం అంటించకూడదు, అవి ఏ ఫోటోకా ఫోటోకే సొంతం. చివరగా ఒక్కోదానికీ వెలుగు కొద్దిగా సవరిస్తే గుంపు పూర్తవుతుంది.

ఊదా ఎల్ఈడీల కింద తీసిన గుంపు ఈ పద్ధతికి లొంగదు. ఆ వెలుగులో ఆకుపచ్చ దాదాపు ఉండదు కాబట్టి, వైట్ బ్యాలెన్స్ ఎంత జరిపినా చర్మం రంగు తిరిగి రాదు. వాటిని నలుపు తెలుపులోకి మార్చడమో, వేదిక రంగుతోనే ఉంచి వేరే పేజీల్లో పెట్టడమో మంచిది.

పసుపుపచ్చని దీపాల ఫోటోలకు రా ఫైలే ఆధారం. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. ఆ దీపాల వెలుగులో నీలం అసలే తక్కువ. జేపెగ్‌లో దాన్ని బలవంతంగా పెంచితే నీడల్లో మచ్చలు తేలతాయి, గోడ మీద వెలుగు మెట్లుమెట్లుగా విరుగుతుంది.

రెండో చిక్కు రీటచింగ్. ఖాళీ గోడ మీది వైరును ఫోన్ చిటికెలో చెరిపేస్తుంది. అదే వైరు పెళ్లికూతురి మల్లెల జడ వెనకనుంచి పోతుంటే వేలి కిందే ఆ భాగం దాగిపోతుంది. యాప్ పక్కనున్న పూలనే తెచ్చి అతికిస్తుంది. పెద్దది చేసి చూస్తే ఒకే మొగ్గ రెండు చోట్ల కనిపిస్తుంది. గింప్‌లో గానీ ఫోటోషాప్‌లో గానీ ఈ దిద్దుబాటును వేరే లేయర్ మీద చేయవచ్చు. .xcf లేదా .psd రూపంలో దాచుకుంటే మర్నాడు తప్పు కనిపించినా ఆ లేయర్‌ను మాత్రమే సరిచేయవచ్చు. ఫోన్‌లో ఒక యాప్‌లో జేపెగ్‌గా సేవ్ చేసి, ఇంకో యాప్‌లో తెరిచి, మళ్లీ సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

మూడోది ప్రింటు, అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. 24 మెగాపిక్సెళ్ల ఫోటో అంటే 6000×4000 పిక్సెళ్లు. ఒక్క ఫోటోనే 36 అంగుళాల వెడల్పున పరిస్తే అంగుళానికి సుమారు 167 పిక్సెళ్లు వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కు అది ఫరవాలేదు. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చి ఉంటే వెడల్పు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, అంగుళానికి 44 మాత్రమే మిగులుతాయి. ఫోన్ తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, కాగితం మీద నగల నగిషీ అలుక్కుపోతుంది. బంధువులు తీసినవి కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమనాలి.

రంగుల సంగతి ఇంకా సున్నితం. ఫోన్ తెర చుట్టూ ఉన్న వెలుగును బట్టి తనంతట తాను ప్రకాశం మార్చుకుంటుంది, చాలా ఫోన్లు రంగులను చిక్కగా చూపిస్తాయి, రాత్రిపూట కంటికి హాయిగా ఉండే మోడ్ తెరనంతా పసుపుగా చేస్తుంది. ఆ తెరను నమ్మి దిద్దిన ఫోటో కాగితం మీద చీకటిగా వస్తుంది. కుంకుమ, ఎర్ర పట్టు ఉన్నచోట ఇంకో ప్రమాదం ఉంది: ఎరుపు హద్దు దాటితే చీర మడతలు కలిసిపోయి ఒకే ముద్దగా అచ్చవుతాయి. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లోని సాఫ్ట్ ప్రూఫ్‌కు ల్యాబ్ ఇచ్చిన ప్రొఫైల్ జోడిస్తే, ప్రింటులోకి రాని రంగులు ఏ భాగంలో ఉన్నాయో ముందే తెలుస్తుంది. అక్కడ ఎరుపు గాఢతను కొద్దిగా తగ్గిస్తే మడతలు తిరిగి కనిపిస్తాయి. ల్యాబ్ వేరేగా చెప్పకపోతే ఫైళ్లను sRGBలో ఇవ్వడం క్షేమం.

లాప్‌టాప్ అయినంత మాత్రాన రంగులు సరిగ్గా కనిపిస్తాయనుకోవడం పొరపాటు. చవక లాప్‌టాప్ తెరలు చాలావరకు sRGBలో మూడింట రెండు వంతుల రంగులే చూపగలవు, తలను కాస్త కదిపితే నీడలు మారిపోతాయి. అలాంటి తెర మంచి ఫోన్ తెర కంటే అధ్వానం. కొనేటప్పుడు ఐపీఎస్ లేదా ఓఎల్ఈడీ తెర, sRGB పూర్తిగా చూపుతుందన్న వివరం, 16 జీబీ ర్యామ్ చూసుకోవాలి. తెరను కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ ఉంటే మరీ మంచిది. అది లేనప్పుడు ఒక్కో వెలుగు గుంపులోంచి ఒక ఫోటోను 4×6 సైజులో అదే ల్యాబ్‌లో ప్రింటు తీయించి, పగటి వెలుగులో తెర పక్కన పెట్టి చూడాలి. ప్రింటు చీకటిగా ఉంటే ముందు తెర ప్రకాశాన్ని ప్రింటుతో సరితూగేదాకా తగ్గించి, ఫోటోలను ఆ వెలుగులో మళ్లీ దిద్దాలి. ఆ తర్వాతే ఆల్బమ్ షీట్లను ల్యాబ్‌కు పంపాలి.