వినడం నేర్పే నాటక క్లాసు: తల్లిదండ్రులకు ఒక గంట ప్రణాళిక

సెలవుల్లో కాలనీ పిల్లలకు నాటకం క్లాసు పెడదామని నలుగురు తల్లిదండ్రులు అనుకోగానే ముందుగా ఒక స్క్రిప్టు వెతుకుతారు. పాత్రలు పంచుతారు, డైలాగులు బట్టీ పట్టిస్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో దీనికి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. స్క్రిప్టు లేకుండా, ఎదుటివాళ్లు అన్నదాన్ని విని, అప్పటికప్పుడు జవాబు చెప్పడం. దీన్నే ఇంప్రొవైజేషన్ అంటారు. అమెరికాలో వయోలా స్పోలిన్ 1930ల చివర్లో చికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ ఇలాంటి ఆటలను పెంచుకుంటూ వచ్చి, 1963లో పుస్తకంగా తెచ్చారు. నేటికీ చాలా చోట్ల నాటకం క్లాసులు ఆ దారిలోనే నడుస్తున్నాయి.

మీలో ఎవరికీ నాటకానుభవం లేకపోయినా ఈ క్లాసు నడపవచ్చు. కాకపోతే గంటసేపటికి ఒక్క లక్ష్యమే పెట్టుకోండి. మొదటి క్లాసుకు నేను సూచించే లక్ష్యం ఇది: ‘ఎదుటివాళ్ల మాట పూర్తిగా విని, దాన్ని అందుకుని మాట్లాడటం’. ఆటలు, గొంతు కసరత్తు, సన్నివేశం, చివర్లో ముచ్చట, అన్నీ ఈ ఒక్కదాని కోసమే ఎంచుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన పది ఆటలను వరుసగా ఆడిస్తే పిల్లలు సరదా పడతారు కానీ, ఏం నేర్చుకున్నారో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు.

పదహారు మంది పిల్లలు, ఒక కమ్యూనిటీ హాలు, అరవై నిమిషాలు అనుకుందాం. పదిహేను నిమిషాలు వార్మప్ ఆటలకు, పది గొంతుకు, పాతిక సన్నివేశానికి, చివరి పది ముచ్చటకు.

వార్మప్ ఆటలు

అందరూ గుండ్రంగా నిలబడాలి. చేతిలో బంతి ఉందనుకుని ఒకరి కళ్లలోకి చూసి, పేరు పిలిచి విసరాలి. అందుకున్నవాళ్లు ‘అందింది’ అని చెప్పాకే ఇంకొకరికి విసరాలి. రెండు నిమిషాలయ్యాక ఆ బంతి బరువు మార్చండి. ‘ఇప్పుడది పనసకాయ’ అనండి. విసిరే చేతులతో పాటు పిలిచే గొంతు కూడా మారడం మీకే వినిపిస్తుంది. ఎవరి బంతయినా ఎవరికీ అందకుండా పోతే, విసిరినవారు కళ్లలోకి చూడలేదని అర్థం. ఆ మాట మీరు అననక్కర్లేదు. ‘మళ్లీ విసురు’ అంటే చాలు.

రెండోది మన కథల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. బుర్రకథలో కథకుడు చెబుతుంటే పక్కనున్న వంతలు ఊ కొడుతూ, మధ్యలో ప్రశ్నిస్తూ కథను ముందుకు తోస్తారు. పిల్లలను జంటలు చేయండి. ఒకరు ‘రేపు మనం అరకు వెళ్దాం’ లాంటి మాటతో మొదలుపెట్టాలి. మొదటి నిమిషం రెండోవారు ప్రతిదానికీ ‘వద్దు, ఎందుకంటే...’ అనాలి. రెండో నిమిషం ‘సరే, అయితే...’ అంటూ ఒక కొత్త విషయం కలపాలి. తర్వాత స్థానాలు మార్చుకోవాలి. మొదటి రకంలో ఎక్కడి ముచ్చట అక్కడే ఆగిపోయిందని, రెండో రకంలో అరకు రైలు టికెట్ల దాకా, సొరంగంలో ఆగిన రైలు దాకా వెళ్లిందని పిల్లలే చెబుతారు. ఈ తేడా తెలియడమే వార్మప్ అసలు ఉద్దేశం.

గొంతు సంగతి

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోండి. దాదాపు పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి. మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల్లోనూ మార్పు ఉంటుంది, కాకపోతే తక్కువ. మాట మధ్యలో గొంతు పగిలి కీచుమంటే అది తప్పు కాదు. ఎవరూ నవ్వకముందే మీరు ఆ సంగతి మామూలుగా చెప్పేయండి. ‘గట్టిగా, గంభీరంగా చెప్పు’ అని ఏ పిల్లవాడినీ ఒత్తిడి చేయవద్దు. ఎవరికి హాయిగా వచ్చే స్థాయిలో వాళ్లు మాట్లాడాలి.

ముందు భుజాలు తిప్పించి, దవడలు వదులయ్యేలా నెమ్మదిగా ఆవలింపజేయండి. పెదవులు మూసి ‘మ్...’ అని మెల్లగా మూలగమనండి. పెదవుల మీద, ముక్కు దగ్గర చిన్న అదురు తెలిస్తే సరిగా చేస్తున్నట్టే. తర్వాత మన అక్షరమాలే కసరత్తు. క, చ, ట, త, ప అని నిదానంగా పలికిస్తే, నోట్లో శబ్దం పుట్టే చోటు గొంతు వైపు నుంచి అంగిలి, నాలుక మడత, పళ్లు దాటి పెదవుల వరకు వస్తుంది. ఒక్కో అక్షరం ఎక్కడ పుడుతోందో పిల్లలనే కనుక్కోమనండి. మెల్లగా మొదలుపెట్టి కాస్త వేగం పెంచండి. అక్షరం నలిగిపోతే వేగం తగ్గించాలి.

చివరగా దూరం ఆట. జంటలు ఎదురెదురుగా నిలబడి ‘అమ్మ పిలుస్తోంది, రా’ అన్న ఒక్క వాక్యాన్ని మొదట అడుగు దూరంలో, తర్వాత అయిదడుగుల దూరంలో, ఆ తర్వాత హాలు ఆ చివర, ఈ చివర నిలబడి చెప్పాలి. అరవమని అనవద్దు. ‘ఆ అమ్మాయికి అందేలా చెప్పు’ అనండి. అందినవాళ్లు చెయ్యి ఎత్తాలి. మెడ నరాలు ఉబ్బడం, గడ్డం ముందుకు పొడుచుకు రావడం, వాక్యం చివరి మాటకు ఊపిరి చాలకపోవడం కనిపిస్తే గొంతుతో తోస్తున్నారని గుర్తు. అప్పుడు రెండడుగులు దగ్గరికి రప్పించి, ఊపిరి తీసుకున్నాక మళ్లీ చెప్పించండి. గొంతు నొప్పి అన్న పిల్లలకు ఆ రోజు వినే పని ఇవ్వండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

ఒకే సన్నివేశం, రెండుసార్లు

ఇప్పుడు వినడం, గొంతు రెండూ కలిసే పని. సన్నివేశం చాలా చిన్నది: స్కూలు విహారయాత్రకు డబ్బు కావాలని కూతురు తల్లిని అడుగుతోంది. మొదటిసారి మాటలు ఉండవు, అంకెలే ఉంటాయి. ‘ఒకటి, రెండు... మూడు?’ అని కూతురు నసుగుతుంది. ‘నాలుగు’ అని తల్లి తలెత్తకుండా అంటుంది. అంకెలకు అర్థం లేదు కాబట్టి విషయమంతా గొంతే మోయాలి. సాగదీయడం, ఆపడం, తగ్గించడం, తెంచేయడం, ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే వస్తాయి. చూస్తున్నవాళ్లు ‘తల్లికి కోపమా, దిగులా?’ అన్నది ఊహించాలి.

ముందు జంటలన్నీ ఒకేసారి మూడు నిమిషాలు అంకెలతో చేసుకోవాలి. తర్వాత నాలుగు జంటలే అందరి ముందుకు వచ్చి, అంకెలతో ఒకసారి, మాటలతో ఒకసారి చేయాలి. మిగతా నాలుగు జంటల వంతు వచ్చే వారమని మొదట్లోనే చెప్పేయండి. ఎనిమిది జంటలనూ పాతిక నిమిషాల్లో ముగించాలని తొందరపడితే ఎవరికీ వినే తీరిక ఉండదు.

మాటలతో చేసేటప్పుడు దాదాపు ప్రతి క్లాసులో జరిగేది ఇది. కూతురు, ‘అమ్మా, స్కూల్లో అరకు తీసుకెళ్తున్నారట’ అంటుంది. తల్లి పాత్రలో ఉన్న అబ్బాయి, ‘నాకసలు కూతురే లేదు, ఎవరు నువ్వు?’ అంటాడు. హాలంతా నవ్వుతుంది. కానీ కూతురికి ఇక మాట మిగలదు. నవ్వు వచ్చింది కాబట్టి బాగా చేశాడని అనుకోవద్దు. అతన్ని మందలించనూ వద్దు. ఆట ఆపకుండా పక్కనుంచి, ‘ఆమె చెప్పింది నిజమే అనుకో, దానికి ఒకటి కలుపు’ అని మెల్లగా అందించండి. అప్పుడతను, ‘అరకా? పోయినేడాది మీ అన్న అరకు వెళ్లి చెప్పులు లేకుండా వచ్చాడు’ అంటాడు. ఇప్పుడు ఒక అన్న పుట్టాడు, ఒక గతం పుట్టింది, తల్లి భయం తెలిసింది. కూతురు మాట్లాడటానికి బోలెడంత దొరికింది.

పిల్లలు ఇక్కడ తరచూ పొరబడతారు. ఎదుటివాళ్ల మాట అందుకోవడమంటే వాళ్లు అడిగిందల్లా ఇవ్వడం అనుకుంటారు. తల్లి డబ్బు ఇవ్వనని చెప్పవచ్చు. అరకు యాత్ర ఉందని, ఎదురుగా ఉన్నది తన కూతురని ఒప్పుకుంటే చాలు. ఈ తేడాను ఆ సన్నివేశం చూపించే చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

రెండు నియమాలు ముందే పెట్టండి. ఎవరైనా ‘ఆపు’ అంటే అక్కడితో ఆగాలి, కారణం అడగకూడదు. ఒంటి రంగు, లావు, కులం, ఎవరి ఇంటి సంగతులూ సన్నివేశంలోకి రాకూడదు. ముందుకు రావడానికి ఇష్టపడని పిల్లలను లాగవద్దు. ‘తల్లి గొంతు ఎక్కడ మారిందో చూసి చెప్పు’ అని గమనించే పని ఇస్తే, వాళ్లూ క్లాసులో ఉన్నట్టే. మీ పిల్లలు అందులో ఉంటే వాళ్ల జంటకు పక్కనుంచి అందించే పని ఇంకో తల్లికో తండ్రికో అప్పగించండి.

చివరి పది నిమిషాలు

సన్నివేశాలు ఎంత బాగా సాగుతున్నా ఈ పది నిమిషాలను తినేయనివ్వకండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది. అడగాల్సినవి ఇవి: నువ్వు ముందే అనుకున్న మాటను ఎక్కడ వదిలేయాల్సి వచ్చింది? ఎదుటివాళ్లు అన్న ఏ మాట నీకు దారి చూపింది? ఎవరి గొంతు మాటలకంటే ఎక్కువ చెప్పింది, ఎక్కడ? మొదట చిన్న చీటీ మీద రెండు వాక్యాలు రాయనివ్వండి. ఇష్టమున్నవాళ్లే చదవాలి. మీరు కూడా ‘సూపర్’ అనకుండా, చూసిందే చెప్పండి. ‘చెప్పుల మాట రాగానే నువ్వు ఆగి, నెమ్మదిగా మాట్లాడావు’ అంటే, ఏం చేయడం వల్ల పనిచేసిందో ఆ అమ్మాయికి తెలుస్తుంది.

ఫోన్లు తీసి వీడియో చేయవద్దు. కెమెరా కనిపించగానే పిల్లలు పక్కవాళ్లను వదిలేసి చూసేవాళ్ల నవ్వు కోసం ఆడతారు. ఇంటికొచ్చాక చుట్టాల ముందు ‘ఏదీ, చేసి చూపించు’ అని కూడా అడగవద్దు. ఒంటరిగా చూపించడానికి ఇందులో ఏమీ ఉండదు, ఇది ఇద్దరి మధ్య పుట్టేది. ఏమైనా అడగాలనిపిస్తే, ‘ఇవాళ నీ జంటలో ఉన్నవాళ్లు ఏమన్నారు?’ అని అడగండి. ఆ మాట గుర్తుండి చెప్పగలిగితే వినడం జరిగినట్టే.

చీటీలు దాచి, మరుసటి క్లాసుకు ముందు మళ్లీ చదవండి. ఎక్కువ మంది ‘నాకేం చెప్పాలో తోచలేదు’ అని రాస్తే ‘సరే, అయితే...’ ఆటకు సమయం పెంచండి. ‘వినిపించలేదు’ అని రాస్తే దూరం ఆటను ఇంకో రెండు వాక్యాలతో చేయించండి. రెండో గంట ప్రణాళిక ఆ చీటీల నుంచే వస్తుంది.