‘పని దినం’ ఎవరి పని దినం? ‘నెల’ ఏ నెల?
దాతల ఒప్పంద పత్రాల్లో గడువులు రాసే పద్ధతి

మన సొసైటీకి విరాళమిచ్చే సోదర సోదరీమణులలో చాలామంది ఇప్పుడు నోటిమాటతో కాక ఒక చిన్న ఒప్పంద పత్రంతో సాయం చేస్తున్నారు. ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, మేము ఎప్పటిలోగా ఖర్చు పెట్టాలి, లెక్క ఎప్పుడు చూపాలి అన్నవి అందులో ఉంటాయి. ఈ వ్యాసం ఆ పత్రంలోని రెండు మాటల గురించి మాత్రమే: ‘పని దినం’, ‘నెల’. ఈ రెండింటినీ ఒక్కసారి సరిగా నిర్వచించకపోవడం వల్ల మాకు ఏం జరిగిందో, తర్వాత ఎలా సరిదిద్దుకున్నామో చెబుతాం.

2024 ఆగస్టులో ఆరుగురు ఇంజినీరింగ్ విద్యార్థుల ఫీజు కట్టడానికి సౌదీలో ఉద్యోగం చేస్తున్న ఒక దాత ముందుకొచ్చారు. విద్యార్థుల జాబితా అందిన ‘పది పని దినాలలోగా’ ఆయన డబ్బు పంపాలని రాసుకున్నాం. జాబితాను ఆగస్టు 1, గురువారం నాడు పంపాం. కళాశాలలో ఫీజుకు చివరి తేదీ ఆగస్టు 14, బుధవారం. పది పని దినాలు అంతకుముందే ముగుస్తాయని మా లెక్క.

మా కార్యాలయానికి శుక్రవారం సెలవు, ఆదివారం పని ఉంటుంది. జాబితా పంపిన రోజును వదిలేసి శనివారం 3వ తేదీ నుంచి లెక్కపెట్టాం. మధ్యలో 9వ తేదీ శుక్రవారం పోగా పదో పని దినం 13, మంగళవారం అయింది. కళాశాల గడువుకు ఇంకా ఒక రోజు మిగిలింది కదా అని నిశ్చింతగా ఉన్నాం.

దాత ఉన్న చోట వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆయన ఆదివారం 4వ తేదీని మొదటి పని దినంగా తీసుకున్నారు. 9, 10 తేదీలు మళ్లీ సెలవు. ఆయన లెక్కలో పదో పని దినం 15, గురువారం. ఇక్కడి బ్యాంకు లెక్క మూడోది. బ్యాంకులకు ఆదివారాలు, రెండో, నాలుగో శనివారాలు సెలవు. 2వ తేదీ శుక్రవారం నుంచి లెక్కపెట్టి, రెండో శనివారం 10ని, ఆదివారాలను తీసేస్తే పదో రోజు 14, బుధవారం అవుతుంది.

అంటే ఒకే వాక్యానికి 13, 14, 15 అని మూడు తేదీలు వచ్చాయి. దాత తన మాట ప్రకారం 15వ తేదీ ఉదయమే డబ్బు పంపారు. ఆన్‌లైన్ బదిలీకి సెలవు అడ్డు కాదు కాబట్టి అది వెంటనే మా ఖాతాలో పడింది. అయితే ఆ రోజు స్వాతంత్ర్య దినోత్సవం, బ్యాంకు శాఖ మూసి ఉంది. కళాశాల అడిగింది డిమాండ్ డ్రాఫ్టు. మర్నాడు శుక్రవారం, మా కార్యాలయానికి సెలవు. చివరికి 17, శనివారం నాడు డ్రాఫ్టు తీసి కట్టాం. ఆరుగురికీ ఆలస్య రుసుం పడింది. వారిలో ఒక విద్యార్థినికి ఉంచిన హాస్టల్ గది అప్పటికే వేరొకరికి వెళ్లిపోయింది.

తర్వాత దాతతో ఫోన్‌లో మాట్లాడితే ఆయన అడిగింది ఒకటే మాట: “నేను గడువు దాటలేదు కదా?” నిజమే, ఆయన దాటలేదు. మేమూ దాటలేదు. తప్పు ఇద్దరం సంతకం పెట్టిన కాగితంలో ఉంది. ఎవరి క్యాలెండరు ప్రకారం అన్నది అందులో లేదు.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, ఒక పని కోర్టులో గానీ కార్యాలయంలో గానీ చేయవలసి ఉండి చివరి రోజున అది మూసి ఉంటే, తిరిగి తెరిచిన రోజున చేసినా గడువులో చేసినట్టే. అదే ప్రామిసరీ నోటు, హుండీల విషయం చూసే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం మాత్రం, చెల్లింపు తేదీ సెలవు రోజున పడితే అంతకు ముందరి పని దినానే చెల్లించాలంటుంది. ఒకటి గడువును ముందుకు జరిపితే, రెండోది వెనక్కి లాగుతుంది. పైగా మొదటిది చట్టాలలో రాసిన గడువుల కోసం చేసింది. మనం ఇంట్లోనో కార్యాలయంలోనో రాసుకున్న పత్రానికి దానంతట అది వచ్చి అతుక్కోదు. కాబట్టి ఏ వైపు జరగాలో పత్రంలోనే రాయాలి.

‘నెల’ సంగతి ఇంకా చిక్కు. మా జకాత్ నిధి లెక్కలు హిజ్రీ నెలల్లో ఉంటాయి, బ్యాంకు ఖాతా ఇంగ్లీషు నెలల్లో నడుస్తుంది. హిజ్రీ నెల 29 లేదా 30 రోజులు. పన్నెండు నెలలకు 354 లేదా 355 రోజులే. ‘పన్నెండు నెలల తర్వాత రెండో వాయిదా’ అని రాస్తే ఆ రెండు లెక్కలకు దాదాపు పదకొండు రోజుల తేడా వస్తుంది. ఇక ‘నెల అంటే ముప్ఫై రోజులే కదా’ అనేవారూ ఉన్నారు. 2025 జనవరి 31 నుంచి ముప్ఫై రోజులు లెక్కపెడితే మార్చి 2 వస్తుంది. అదే ఒక ఇంగ్లీషు నెల అంటే ఫిబ్రవరి 28తోనే ముగుస్తుంది, ఎందుకంటే ఫిబ్రవరిలో 31 లేదు.

ఈ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వానికీ హిమాచల్ టెక్నో ఇంజినీర్స్ సంస్థకూ మధ్య వచ్చిన ఆర్బిట్రేషన్ కేసు అది. తీర్పు 2010లో వచ్చింది. మధ్యవర్తి ఇచ్చిన అవార్డు ప్రభుత్వ కార్యాలయానికి 2007 నవంబరు 10న చేరింది. అది శనివారం, సెలవు. అధికారి చేతికి అందింది సోమవారం 12న. చట్టం ప్రకారం దాన్ని సవాలు చేయడానికి మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో ముప్ఫై రోజులు ఉంటాయి. ప్రభుత్వం 2008 మార్చి 11న దరఖాస్తు వేసింది. మూడు నెలలంటే తొంభై రోజులా, క్యాలెండరు నెలలా? సెలవు రోజున వచ్చిన కాగితం అందినట్టా, కాదా? సుప్రీంకోర్టు 12వ తేదీనే అందిన రోజుగా తీసుకుంది. మూడు నెలలంటే క్యాలెండరు నెలలేనని, అవి ఫిబ్రవరి 12తో ముగిశాయని చెప్పింది. ఆపై ముప్ఫై రోజులు మార్చి 13 వరకు వస్తాయి కాబట్టి దరఖాస్తు చెల్లింది. గమనించండి, ఒకే చట్టంలో ఒకచోట ‘నెలలు’ అని, ఇంకోచోట ‘రోజులు’ అని వాడితే రెండింటికీ వేర్వేరు అర్థమే వచ్చింది. మన పత్రంలోనూ అంతే. మాట మార్చి రాస్తే అర్థం మారిందనే చదువుతారు.

ఇప్పుడు మా పత్రాల మొదటి పేజీలో ఈ నిర్వచనాలు ఉంటున్నాయి:

“పని దినం అంటే హైదరాబాద్‌లో బ్యాంకు శాఖలు ఖాతాదారుల కోసం తెరిచి ఉండే రోజు. సెలవు తేదీ మారితే, ఆ రోజు బ్యాంకులు నిజంగా తెరిచాయా లేదా అన్నదే లెక్క. రోజు అంటే సెలవులతో సహా ప్రతి రోజు. నెల అంటే ఇంగ్లీషు క్యాలెండరు నెల. అది తర్వాతి నెలలో అదే తేదీతో, ఆ తేదీ లేకపోతే ఆ నెల చివరి రోజుతో ముగుస్తుంది. హిజ్రీ నెల ఉద్దేశించిన చోట ‘హిజ్రీ నెల’ అనే రాయాలి. గడువు లెక్కలో కాగితం అందిన రోజు కలవదు. సాయంత్రం 5 గంటల తర్వాత (భారత కాలమానం) అందినది మరుసటి పని దినాన అందినట్టు. రోజుల్లో గానీ నెలల్లో గానీ ఉన్న గడువు పని దినం కాని రోజున ముగిస్తే, తర్వాతి పని దినం వరకు గడువు ఉంటుంది.”

బ్యాంకును కొలతగా ఎందుకు తీసుకున్నామంటే, దాతకూ మాకూ కాక మూడోవారికి చెందిన క్యాలెండరు అది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. నెలవంకను బట్టి పండుగ సెలవు ముందు రోజు సాయంత్రం మారడం మనకు తెలిసిందే. అందుకే డైరీలో అచ్చయిన సెలవును కాక నిజంగా జరిగిన సెలవును తీసుకున్నాం. దీనివల్ల శుక్రవారం పని దినమే అయింది. ఆ రోజు మా కార్యాలయం మూసి ఉంటే ఆ భారం మాదే, దాతది కాదు. అందుకే ఫీజుల కాలంలో శుక్రవారం ఉదయం ఒకరిని ఉంచుతున్నాం.

నిర్వచనం రాసుకున్నాక పాత కేసును దానితో మళ్లీ లెక్కపెట్టి చూశాం. పది పని దినాలంటే ఆగస్టు 14 వచ్చింది. డబ్బు అదే రోజు వస్తే డ్రాఫ్టు తీయడానికి సమయమే లేదు. అంటే మాట స్పష్టమైంది గానీ అంకె తప్పని తేలింది. దాతకు ఏడు పని దినాలు, మాకు మూడు అని మార్చాం. 1వ తేదీన జాబితా వెళితే దాత గడువు 9, శుక్రవారం. తర్వాత మా మూడు పని దినాలు 12, 13, 14. కళాశాల చివరి తేదీకి సరిపోయింది. కళాశాల తేదీకి మన నిర్వచనం వర్తించదన్నది మరచిపోకూడదు. వారి గడువు సెలవు రోజున పడితే వారు జరుపుతారని ఆశించక, అంతకు ముందరి పని దినానికే కట్టేలా మా అంకెలు వేసుకుంటున్నాం.

పత్రం పూర్తయ్యాక చేసే తనిఖీ సులువైనది. రోజు, దినం, వారం, నెల అన్న మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో ఎర్ర పెన్నుతో గీస్తాం. ‘ఆఫీసు రోజులు’, ‘బ్యాంకు దినాలు’, ‘ముప్ఫై దినాలు లేదా ఒక నెల’ వంటివి కనిపిస్తే కొట్టేసి, నిర్వచించిన మాటనే పెడతాం. ఒకే మాట పదిసార్లు వస్తే చదవడానికి బాగుండదేమోనని మార్చడం ఇక్కడ పనికిరాదు. తర్వాత రాసే ఉత్తరాల్లో, అనుబంధాల్లో కూడా ‘మాటలకు అసలు పత్రంలోని అర్థమే’ అని ఒక వాక్యం చేరుస్తాం. చివరగా ప్రతి గడువు ఎదుట పెన్సిలుతో తేదీ వేసి, దాతను కూడా విడిగా వేయమంటాం. ఇద్దరి తేదీలూ కలిస్తేనే సంతకం.

ఈ ఏడాది మీ వద్దకు వచ్చే పత్రంలో మొదటి పేజీ తిప్పి, ఆ నిర్వచనం ఉందో లేదో చూడండి. మీ తేదీ, మా తేదీ వేరుగా వస్తే సంతకం ఆపి మాకు చెప్పండి. సంతకానికి ముందే తెలిస్తే దాన్ని ఒక్క గీతతో సరిచేయగలం.