హీటరు పుస్తకం తెలుగులో రాసేటప్పుడు

చలికి చాకీ పురుగులకు 27 డిగ్రీల వేడి కావాలని ఇంట్లో రూము హీటరే పురుగుల ఇంట్లో పెడుతున్నాం. వెంకటమ్మనహళ్లిలో మా పక్కింటాయన దాని పుస్తకం ఫోటో పంపి, తెలుగులో రాసియ్యన్నా అన్నాడు.

ముందు నేనే తప్పు చేసినా. హీటరు మీద గుడ్డ కప్పినట్టుండే బొమ్మకు కొట్టివేత గీత ఉంది. ఆ గుర్తు వదిలేసి, "హీటరు మీద గుడ్డ, గోనెపట్ట కప్పవద్దు" అని రాసినా. ఇంగ్లీషులో "వద్దు" మొదట వస్తుంది, మనకు చివర. నేను పంపిన ఫోటోలో ఆ చివరి మాట అంచున తెగిపోయింది. తేమకని తడి గోనెపట్టలు కట్టే మనకు "కప్ప" అని మాత్రమే కనబడితే ఏమవుతుంది? ఇప్పుడు గుర్తును అట్లే ముందు పెట్టి, "వద్దు: హీటరు మీద ఏదీ కప్పడం" అని రాస్తున్నా. తెగినా "వద్దు" మిగులుతుంది.

తుడిచే పనిలో ఇంకో చిక్కు. ఫోటోలో 1 స్విచ్ ఆపు, 2 ప్లగ్గు పీకు, 4 పొడి గుడ్డతో తుడువు అని ఉంది. 3 లేదు. నంబర్లు మార్చి 1, 2, 3 అని రాసుంటే ఎవరికీ తెలిసేది కాదు. పేజీ మడత విప్పి మళ్లీ ఫోటో తియ్యమన్నా. మడతలో ఉన్నది: "3 పూర్తిగా చల్లారనీ."