జీఎస్టీ కలిపిన బిల్లులో అసలు ధర ఎంత?

జుక్కల్, బిచ్కుంద, మద్నూర్ ప్రాంతాల్లో డిగ్రీ పూర్తిచేసి బిల్లింగ్, అకౌంట్స్ ఉద్యోగాలకు వెళ్లేవారు తప్పక నేర్చుకోవాల్సిన లెక్క ఒకటుంది. పన్ను కలపడం అందరికీ వస్తుంది. కలిసిపోయిన పన్నును విడదీయడంలోనే చాలామంది తడబడతారు.

ఒక సీలింగ్ ఫ్యాన్ అసలు ధర రూ.2,000, జీఎస్టీ 18 శాతం అనుకుందాం. 2,000ను 1.18తో గుణిస్తే రూ.2,360 వస్తుంది. ఇందులో పన్ను రూ.360.

ఇప్పుడు యజమాని, ‘పన్నుతో కలిపి 2,360కి అమ్మాను, బిల్లు రాయి’ అన్నాడు. 2,360లో 18 శాతం తీసేస్తే పోతుంది రూ.424.80, మిగిలేది రూ.1,935.20. ఇది తప్పు. 18 శాతం వేసింది అసలు ధర మీద, మొత్తం బిల్లు మీద కాదు. అసలు ధర వంద భాగాలైతే బిల్లు 118 భాగాలు. పన్ను ఆ 118లో 18 మాత్రమే, అంటే బిల్లులో సుమారు 15.25 శాతం. గుణించి పెంచిన మొత్తాన్ని వెనక్కి తేవాలంటే భాగించాలి: 2,360 ÷ 1.18 = 2,000.

పన్ను మాత్రమే కావాలంటే మొత్తాన్ని 18తో గుణించి 118తో భాగించండి. సీజీఎస్టీ నిబంధనల్లో 35వ నిబంధన చెప్పే పద్ధతి ఇదే. వచ్చిన జవాబు సరైనదో కాదో తెలియాలంటే దానికి మళ్లీ పన్ను కలిపి చూడండి. 1,935.20కి 18 శాతం కలిపితే 2,283.54 దగ్గరే ఆగిపోతుంది. బిల్లు 2,360 కాబట్టి తప్పు అక్కడే బయటపడుతుంది.

తెలంగాణలోనే జరిగిన అమ్మకానికి బిల్లులో సీజీఎస్టీ 9, ఎస్జీఎస్టీ 9 అని విడివిడిగా ఉంటాయి. 1.09తో భాగించకండి, రెండింటినీ కూడి 1.18తోనే భాగించాలి. సరిహద్దు దాటి దెగ్లూర్ వ్యాపారి పంపిన సరుకుకైతే ఐజీఎస్టీ 18 అని ఒకే వరుస ఉంటుంది. భాజకం మాత్రం మారదు.

రేటు మారితే భాజకమూ మారుతుంది. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి అంతకుముందు బిల్లులను 1.28తో, తర్వాతివాటిని 1.18తో భాగించాలి. కాంపోజిషన్ పథకంలో ఉన్న దుకాణం ఇచ్చే ‘బిల్ ఆఫ్ సప్లై’లో కొనుగోలుదారు నుంచి పన్ను వసూలు చేయరు కాబట్టి, దాంట్లోంచి విడదీయడానికేమీ ఉండదు.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఇంట్లో ఉన్న నాలుగైదు బిల్లులు తీసి, మొత్తం నుంచి అసలు ధర రాబట్టి, బిల్లులో అచ్చయిన అంకెతో పోల్చుకోండి. ఒకటి రెండు పైసల తేడా వస్తే అది రౌండింగ్ వల్ల. రూపాయల్లో తేడా వస్తే మాత్రం రేటు, భాజకం మళ్లీ చూసుకోండి.