లిటరేచర్ రివ్యూలో షో, యూజ్, సజెస్ట్‌లకు బదులు ఏం రాయాలి?

ఇంగ్లిష్‌లో రాసిన మీ డ్రాఫ్ట్‌లో ఈ మూడు క్రియలనూ వెతికి, ప్రతిచోటా రంగు పెట్టుకోండి. వెంటనే పర్యాయపదాల నిఘంటువు తీయకండి. మీరు ప్రస్తావించిన పరిశోధకులు ఏం చేశారో దానికి తెలియదు. తెలిసేది మూల పేపర్‌కే. అందుకే దాన్ని పక్కన పెట్టుకుని దిద్దండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధంపై 1950లో ఒక పేపర్ ప్రచురించారు. దాని గురించి మీరు 'ఇంటర్వ్యూలు యూజ్ చేశారు, పొగతాగితే క్యాన్సర్ వస్తుందని షో చేశారు' అని రాశారనుకోండి.

మొదట యూజ్ సంగతి చూడండి. దాని పక్కనున్న నామవాచకంలోనే అసలు పని దాగి ఉంటుంది, దాన్నే క్రియగా మార్చండి. వాళ్లు 709 మంది క్యాన్సర్ రోగులను, అంతేమంది ఇతర రోగులను ఇంటర్వ్యూ చేసి, వారి పొగతాగే అలవాట్లను పోల్చారు. కాబట్టి ఇంటర్వ్యూడ్, కంపేర్డ్ అంటే సరిపోతుంది. యూజ్ తీసేసి యుటిలైజ్ పెడితే మాట పొడుగవుతుందే తప్ప కొత్త సమాచారమేమీ చేరదు.

షో దగ్గర మాత్రం నిదానించాలి. ఇక్కడ క్రియతోపాటు సాక్ష్యం బలం కూడా మారిపోతుంది. క్యాన్సర్ రోగుల్లో పొగతాగేవారు ఎక్కువగా ఉన్నారన్నది వాళ్లకు కనబడిన విషయం, దానికి ఫౌండ్ లేదా అబ్జర్వ్‌డ్ రాయండి. పొగతాగడం ఒక ముఖ్య కారణమన్నది ఆ లెక్కల నుంచి వాళ్లు తేల్చిన మాట, దానికి కన్‌క్లూడెడ్ రాయాలి. ఇక్కడ ప్రూవ్డ్ అని రాస్తే రివ్యూ చేసేవారు తప్పక పట్టుకుంటారు. రోగులు గుర్తుచేసుకుని చెప్పిన అలవాట్లను పోల్చిన ఒక్క అధ్యయనం అంత భారం మోయలేదు.

సజెస్ట్‌లో మూడు అర్థాలు కలిసిపోయి ఉంటాయి. డేటా ఒక దిక్కు చూపిస్తే ఇండికేట్స్. మనిషి ఇలా చేయాలని సలహా ఇస్తే రికమెండ్స్. ఇంకా పరీక్షించని వివరణను ముందుకు తెస్తే హైపోథిసైజ్‌డ్ లేదా ప్రపోజ్‌డ్. గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1950లలో డాల్, హిల్ నిర్ధారణతో విభేదించారు. పొగ అలవాటుకూ క్యాన్సర్‌కూ జన్యువులే ఉమ్మడి కారణం కావచ్చన్నారు. విభేదించిన వాక్యానికి డిస్ప్యూటెడ్, జన్యువుల మాటకు ప్రపోజ్‌డ్ రాస్తే ఎవరు ఎక్కడ నిలబడ్డారో పాఠకుడికి తెలిసిపోతుంది. రెండుచోట్లా సజెస్టెడ్ పెడితే ఆ వివాదమే కనిపించకుండా పోతుంది.

మార్చిన ప్రతి వాక్యానికీ కర్త ఎవరో కూడా చూసుకోండి. ఆర్గ్యూ, రికమెండ్ మనుషులు చేసే పనులు. టేబుల్‌కు అవి అతకవు. ఒకే పని మళ్లీ జరిగితే అదే క్రియ మళ్లీ రాయడంలో తప్పులేదు, వరుసగా నాలుగుసార్లు ఫౌండ్ వచ్చినా సరే. చివరగా మూల పేపర్ ముగింపు చదవండి. అక్కడ మే, మైట్ లాంటి మాటలుంటే మీ క్రియ బలాన్ని ఆ మేరకు తగ్గించండి.