రోజూ తొడిగే ఉంగరానికి 22 క్యారెట్లా, 18 క్యారెట్లా?

బంగారం స్వచ్ఛతను 24 భాగాల లెక్కన చెబుతారు. 24 క్యారెట్లంటే మేలిమి బంగారం. 22 క్యారెట్ల నగలో 22 భాగాలు బంగారం, మిగతా 2 భాగాలు రాగి, వెండి వంటి లోహాలు. ఇదే వెయ్యి భాగాల లెక్కలో 916; 18 క్యారెట్లయితే 750. హాల్‌మార్క్ ముద్రలో కనిపించే అంకెలు ఇవే. కాబట్టి 4 గ్రాముల ఉంగరంలో అసలు బంగారం 22 క్యారెట్లయితే దాదాపు 3.67 గ్రాములు, 18 క్యారెట్లయితే 3 గ్రాములు.

మేలిమి బంగారం మెత్తన. దానిలోని పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి సులువుగా జారతాయి. రాగి పరమాణువు బంగారు పరమాణువు కన్నా చిన్నది. అది మధ్యలో చేరితే వరుస కాస్త వంకర తిరిగి, పొరలు జారడం కష్టమవుతుంది. 18 క్యారెట్లలో ఇలాంటి అడ్డంకులు ఎక్కువ కనుక అది గట్టిగా ఉంటుంది.

ఈ తేడా రాళ్ల ఉంగరంలో బాగా తెలుస్తుంది. అంట్లు తోమేటప్పుడు, బండి హ్యాండిల్ పట్టుకునేటప్పుడు పడే ఒత్తిడికి 22 క్యారెట్ల ఉంగరంలో రాయిని పట్టి ఉంచే సన్నని కొనలు త్వరగా వంగుతాయి. చెవి దగ్గర ఆడిస్తే టకటక వినిపించినా, కొన బట్టలకు తగులుకుంటున్నా రాయి వదులైందేమో చూపించుకోవాలి. అలాంటి ఉంగరానికి 18 క్యారెట్లు మేలు. అయితే రాగి ఎక్కువైతే చెమటకు రంగు కాస్త మందగించవచ్చు. రాళ్లు లేని గాజులకు 22 క్యారెట్లు సరిపోతాయి.