వేడి నీళ్ళా? వేడి ఒళ్ళా?

సుబ్బులుకు ఏడో నెల. ఆమెది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. మార్చి నెలాఖరు. ఊళ్ళో మిరపకోతలు సాగుతున్నాయి.

పొద్దున్నే పొయ్యి మీద నీళ్ళు కాగుతాయి. సుబ్బులు వాటిలో చన్నీళ్ళు తొలిపి పోసుకుంటుంది. అత్త వెంకాయమ్మకు అది నచ్చదు.

"వేడినీళ్ళు పోసుకోమాకే! కడుపులో బిడ్డకు వేడి చేసుద్ది" అంటుంది.

సుబ్బులు వేడినీళ్ళు మానేసింది. కాని మిరపకోతకు పోవడం మానలేదు. పోకపోతే కూలి రాదు. అత్త కూడా వద్దనలేదు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. సుబ్బులు పొద్దుటి నుంచి ఒక చెంబు నీళ్ళే తాగింది. ఎక్కువ తాగితే ఒంటికి పోవాలి. చేలో చాటు లేదు. అందుకని దాహాన్ని అణుచుకుంది. పోసిన కాస్త మూత్రం కూడా ముదురు పసుపు రంగులో ఉంది.

ముందు తలనొప్పి వచ్చింది. తరువాత కాలి పిక్కలు పట్టేశాయి. కడుపులో తిప్పింది. కళ్ళు తిరిగి సాలులోనే కూలబడింది.

పక్క సాలులో ఉన్న మరియమ్మ పరుగెత్తుకొచ్చింది. నలుగురూ కలిసి సుబ్బులును వేపచెట్టు నీడకు చేర్చారు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. రవికె ముడి వదులు చేశారు. మరియమ్మ తువ్వాలు తడిపి మెడ మీద, చంకల్లో పెట్టింది. ఇంకొకామె చేతుల మీద, కాళ్ళ మీద నీళ్ళు చల్లి కొంగుతో విసిరింది.

"చన్నీళ్ళు పొయ్యమాకండి! బిడ్డకు జలుబు చేసుద్ది" అని వెంకాయమ్మ గోల పెట్టింది. మరియమ్మ ఆగలేదు. నర్సమ్మకు ఫోను చేయించింది.

నర్సమ్మ వచ్చి సుబ్బులు నోట్లో థర్మామీటరు పెట్టి చూసింది. 101 ఉంది. మామూలుగా 98, 99 ఉండాలి. సుబ్బులు తెలివిగానే ఉంది. పేరు అడిగితే చెప్పింది. మింగగలుగుతోంది. అందుకని నర్సమ్మ ఒక లీటరు మంచినీళ్ళలో ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం కలిపింది. కొంచెం కొంచెంగా తాగించింది. బిడ్డ గుండె చప్పుడు విన్నది. పొట్ట మీద చేయి వేసి చూసింది. నొప్పులు లేవు. అరగంటలో సుబ్బులు లేచి కూర్చుంది. బిడ్డ కదిలింది.

"మంచిపని చేశావు మరియమ్మా" అంది నర్సమ్మ. "ఒళ్ళు చల్లబరచడమే ముందు చేయాల్సిన పని. పైన చల్లిన నీళ్ళతో బిడ్డకు జలుబు చేయదు పెద్దమ్మా."

"మరి వేడినీళ్ళు పోసుకోవద్దని నేను ముందే చెప్పానుగా?" అంది వెంకాయమ్మ.

నర్సమ్మ చెట్టు కింద కూర్చుని వివరంగా చెప్పింది.

"బిడ్డ ఒళ్ళు తల్లి ఒంటికన్నా కాస్త ఎక్కువ వెచ్చగా ఉంటుంది. బిడ్డ తన వేడిని తల్లి రక్తంలోకి వదులుతుంది. తల్లి ఆ వేడిని చెమటగా బయటికి పంపుతుంది. తల్లి ఒళ్ళే కాగిపోతే బిడ్డ వేడి ఎక్కడికి పోతుంది? పైగా ఎండలో తల్లి రక్తం చల్లబడడానికి చర్మం వైపు పోతుంది. గర్భసంచికి తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఇంకా తగ్గుతుంది. ఒక్కోసారి నెలలు నిండకుండానే నొప్పులు వస్తాయి.

చెంబుతో పోసుకునే నీళ్ళు అలా కాదు. అవి ఒంటి మీద నుంచి జారిపోతాయి. గాలి తగిలి ఒళ్ళు చల్లబడుతుంది. లోపలి వేడి పెరగదు. మోచేయి ముంచి చూడు. గోరువెచ్చగా తగిలితే పోసుకోవచ్చు. చురుక్కుమంటే చన్నీళ్ళు కలుపు. మరీ వేడి నీళ్ళు పోసుకుంటే కళ్ళు తిరిగి జారిపడే ప్రమాదం ఉంది. అందుకని పీట మీద కూర్చుని పోసుకో. తలుపు గడియ పెట్టుకోవద్దు."

"హైదరాబాదులో మా చెల్లెలి కూతురు ఆవిరి గదిలో కూర్చుంటుందట. అదీ మంచిదేనా?" అడిగింది మరియమ్మ.

"కడుపుతో ఉంటే వద్దు" అంది నర్సమ్మ. "ఆవిరి గదిలో చెమట పడుతుంది కాని ఆరదు. మెడదాకా వేడినీళ్ళ తొట్టిలో కూర్చున్నా అంతే. వేడి బయటికి పోయే దారి ఉండదు. పది, పదిహేను నిమిషాలకే ఒంటి వేడి 102 దాటవచ్చు. 102 దాటి అలాగే ఉంటే ప్రమాదం. మొదటి నెలల్లో అయితే మరీ జాగ్రత్త. బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక గొట్టంలా తయారవుతాయి. నెల తప్పిన రెండు వారాలకల్లా ఆ గొట్టం మూసుకోవాలి. అప్పుడు ఒళ్ళు బాగా కాగితే అది సరిగా మూసుకోకపోవచ్చు. అందరికీ అలా జరగదు. చాలామంది పిల్లలు బాగానే పుడతారు. కాని ప్రమాదం పెరుగుతుంది."

"జ్వరం వచ్చినా అంతేనా?" అడిగింది సుబ్బులు.

"అంతే. వేడినీళ్ళకన్నా జ్వరానికే భయపడాలి. దుప్పటి కప్పుకొని పడుకోకూడదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి. ఆసుపత్రికి రావాలి. జ్వరం తగ్గడానికి పారాసెటమాల్ ఇస్తాం. ఎంత వేసుకోవాలో మేమే చెబుతాం. మలేరియానా, మూత్రంలో చీమా అని పరీక్ష చేసి దానికీ మందు ఇస్తాం. సొంతంగా వేరే నొప్పి బిళ్ళలు వేసుకోవద్దు."

వెళ్ళేముందు నర్సమ్మ ఇంకొక మాట చెప్పింది. "ఈ రోజు అరగంటలో తేరుకుంది. తేరుకోకపోతే ఆగకూడదు. మాట తడబడినా, ఫిట్సు వచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా, తాగింది కక్కేసినా వెంటనే 108కి ఫోను చేయండి. పొట్ట బిగుసుకొని వదులుతున్నా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే. బండి వచ్చేదాకా ఒళ్ళు తడుపుతూ విసురుతూనే ఉండండి. తెలివి లేనివాళ్ళకు నోట్లో ఏమీ పోయకండి."

ఆ సాయంత్రం కూలివాళ్ళంతా రైతుతో మాట్లాడారు. మరునాటి నుంచి తెల్లవారి ఆరింటికే కోత మొదలు. పదకొండుకు ఆపాలి. ఎండ తగ్గాక మళ్ళీ దిగాలి. గట్టున రెండు కర్రలు పాతి పాత చీర కట్టారు. ఆడవాళ్ళకు చాటు కుదిరింది. ఇప్పుడు అందరూ అరగంటకొక గ్లాసు నీళ్ళు తాగుతున్నారు.

సుబ్బులు కోతకు పోవడం లేదు. రైతు కొట్టంలో, నీడన కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. కూలి కొంచెం తక్కువ. కాని ఎండ లేదు.

మరునాడు పొద్దున వెంకాయమ్మే పొయ్యి వెలిగించింది. బకెట్‌లో వేడినీళ్ళు తొలిపింది. మోచేయి ముంచి చూసింది.

"గోరువెచ్చగానే ఉన్నాయిలే. రా, పోసుకో" అంది.

మాట్లాడుకుందాం:

1. సుబ్బులు చేలో నీళ్ళు ఎందుకు తాగలేదు? మీ పనిచోట ఆడవాళ్ళకు చాటు ఉందా?

2. గర్భిణికి ఎండదెబ్బ తగిలితే ముందు ఏం చేయాలి? 108కి ఎప్పుడు ఫోను చేయాలి?

3. చెంబుతో పోసుకునే గోరువెచ్చని నీళ్ళకూ, తొట్టిలోని వేడినీళ్ళకూ తేడా ఏమిటి?